ఐదుగురి టీమ్‌లో కోడ్ రివ్యూ అలవాటు: మా చెక్‌లిస్ట్ ఎలా తయారైందంటే

పీజీ హాస్టళ్ల అద్దె వసూలు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు హాస్టళ్ల ఓనర్లు వాడతారు. కోడ్ రాసేది మొత్తం ఐదుగురం. మా ఫౌండర్ సార్, బ్యాక్ఎండ్ చూసే నేను, మొబైల్ యాప్ చూసే తమ్ముడు, ఓనర్ల వెబ్‌సైట్ చూసే ఇంకొకతను, కాలేజీ అయిపోగానే మా దగ్గర చేరిన ఒక అమ్మాయి. చాలాకాలం మాకు రివ్యూ అనేదే లేదు. ఎవరు రాసింది వాళ్లు నేరుగా మెయిన్ బ్రాంచ్‌లోకి పుష్ చేసేవాళ్లం. ఒకరి కోడ్‌ను ఇంకొకరు చూసేది ఏదైనా చెడిపోయినప్పుడే.

ఒక నెల మొదట్లో కొందరి లెడ్జర్‌లో అద్దె రెండుసార్లు జమ అయినట్టు కనబడింది. ఓనర్లు ఫోన్లు చేశారు. ఆ పని సర్దుకున్నాక రివ్యూ మొదలుపెడదామని అందరం ఒప్పుకున్నాం. పద్ధతి తయారుచేసే బాధ్యత నాకు వచ్చింది.

చెక్‌లిస్ట్ కావాలనగానే తలా ఒకటి తెచ్చారు. ఇంటర్నెట్‌లో దొరికేవన్నీ పొడుగ్గా ఉంటాయి. పేర్లు అర్థవంతంగా ఉన్నాయా, ఫంక్షన్లు చిన్నవిగా ఉన్నాయా, కామెంట్లు ఉన్నాయా అంటూ నలభై యాభై ప్రశ్నలు. తప్పని చెప్పడానికి వాటిలో ఏమీ లేదు, కానీ రోజుకు రెండు మూడు పీఆర్‌లు, అంటే మార్పును మెయిన్‌లో కలపమని పెట్టే పుల్ రిక్వెస్టులు, చూడాల్సిన మనిషి ఆ జాబితాను రెండో వారం దాకా కూడా మోయలేడు. అందుకని వాటిని పక్కనపెట్టి మా సొంత చరిత్ర తీశాం.

```
git log --oneline --since="3 months ago" -i --grep=fix
```

వచ్చిన కమిట్లను ఒక షీట్‌లో పెట్టి, ఒక్కోదాని పక్కన "ఇది ఎందుకు చెడింది" అని ఒక్క వాక్యం రాశాం. రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ మధ్యాహ్నమే అని నా అభిప్రాయం. స్క్రీన్‌లో అక్షరాలు సరిచేయడం లాంటి చిన్నాచితకా తీసేస్తే, మిగిలిన తప్పులన్నీ నాలుగే కుప్పలుగా పడ్డాయి. ఒకటి, క్వెరీలో హాస్టల్ ఐడీ ఫిల్టర్ మర్చిపోవడం వల్ల ఒక ఓనర్‌కు ఇంకో ఓనర్ డేటా కనబడటం. రెండు, తేదీలూ టైమ్‌జోన్లూ. మూడు, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వచ్చినప్పుడు రెండుసార్లు పనిచేయడం. నాలుగు, డేటాబేస్ మార్పు, కోడ్ మార్పు ముందువెనకలవడం.

చెడ్డ పేరు పెట్టిన వేరియబుల్ వల్ల గానీ, ఖాళీలు సరిగా లేకపోవడం వల్ల గానీ వచ్చిన బగ్ ఆ షీట్‌లో ఒక్కటీ లేదు. అయినా రివ్యూ కొత్తగా మొదలుపెట్టిన టీమ్‌లో ముందు పడే కామెంట్లన్నీ వాటి మీదే ఉంటాయి, ఎందుకంటే కంటికి ముందు కనబడేవి అవే. ఆ గొడవ లేకుండా చేయాలని ముందు ఫార్మాటర్ పెట్టాం. మాది పైథాన్, జాంగో. `ruff format` ఒక్కసారి రిపో మొత్తం మీద నడిపి, అందులో ఇంకే మార్పూ కలపకుండా ఒకే కమిట్‌గా పెట్టాం. ఇలా చేస్తే ఒక ఇబ్బంది ఉంది. ఫార్మాటర్ మార్చిన ప్రతి లైన్ ఆ రోజే రాసినట్టు `git blame` చూపిస్తుంది, పాత చరిత్ర మరుగున పడుతుంది. దానికి మందు ఆ కమిట్ హ్యాష్‌ను `.git-blame-ignore-revs` అనే ఫైల్‌లో రాసి, ప్రతి ఒక్కరి మెషీన్‌లో ఈ సెట్టింగ్ పెట్టడం:

```
git config blame.ignoreRevsFile .git-blame-ignore-revs
```

ఆ పేరుతో ఫైల్ ఉంటే గిట్‌హబ్ బ్లేమ్ పేజీ కూడా ఆ కమిట్‌ను దాటేసి చూపిస్తుంది. ఇక ఫార్మాట్ సరిగా లేకపోతే సీఐ, అంటే ప్రతి పీఆర్ మీద దానంతటదే నడిచే చెకింగ్, ఆపేస్తుంది. మనిషి ఆ మాట ఎత్తకూడదు అనేది మా మొదటి నియమం.

తర్వాత సైజు. 2006లో స్మార్ట్‌బేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు సిస్కోలో చేసిన అధ్యయనం ఈ విషయంలో అందరూ చెప్పుకునేది. ఒక్క విడతలో 200 నుంచి 400 లైన్లు దాటితే, లేదా గంటకు 500 లైన్ల కంటే వేగంగా చదివితే, లోపాలు పట్టుకోవడం తగ్గుతుందని అందులో తేలింది. మేం 300 అనుకున్నాం. లాక్ ఫైళ్లు, మెషీన్ తయారుచేసిన ఫైళ్లు లెక్కలోకి రావు. పీఆర్ తెరిచే ముందు రాసినవాళ్లే `git diff --stat main...HEAD` కొట్టి, ఆ ఫైళ్లు వదిలేసి చూసుకోవాలి. దాటితే విడగొట్టాలి, లేదా ఎందుకు విడగొట్టలేదో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయడం కంటే విడగొట్టడమే తేలిక అని చాలాసార్లు అనిపిస్తుంది. అది అలా ఉండటమే మంచిది.

పాత పద్ధతుల గురించి కూడా కొంత చదివాను. 1976లో ఐబీఎంకు చెందిన మైకేల్ ఫేగన్ ప్రచురించిన ఇన్‌స్పెక్షన్ పద్ధతిలో ఒక మోడరేటర్, డిజైన్ చేసినవారు, కోడ్ రాసినవారు, టెస్ట్ చేసేవారు అని నలుగురు కూర్చుంటారు. ఐదుగురి టీమ్‌లో నలుగురిని ఒక గదిలో కూర్చోబెడితే పని ఆగిపోతుంది. అందుకని మేం ఒక పీఆర్‌కు ఒక్క రివ్యూయర్ అన్నాం. డబ్బు లెక్క ఉన్న ఫోల్డర్లకు మాత్రం ఆ ఒక్కరూ నేనో సారో అయి ఉండాలని మొదట పెట్టుకున్నాం. ఆ షరతు తర్వాత తీసేశాం, ఎందుకో కింద వస్తుంది.

టైమ్ గురించి ఒప్పందం చేసుకోకపోతే రివ్యూ మీద విసుగు పుట్టేది అక్కడే. పీఆర్ పెట్టి రెండు రోజులు ఎదురుచూసినవాళ్లు మూడో పీఆర్‌కు దొడ్డిదారి వెతుకుతారు. ఆఫీసుకు రాగానే సొంత కోడ్ తెరవకముందు అరగంట, భోజనం తర్వాత ఇంకో అరగంట రివ్యూకు కేటాయించాం. పొద్దున పెట్టిన పీఆర్‌కు సాయంత్రంలోపు మొదటి స్పందన రావాలి, సాయంత్రం పెట్టినదానికి మర్నాడు పొద్దున. మధ్యలో వాట్సాప్‌లో "చూశావా" అని అడగకూడదు. స్పందన అంటే అప్రూవల్ అనే కాదు. "పెద్దదిగా ఉంది, రేపు పొద్దున చూస్తా" అన్నా సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పద్ధతి పనిచేస్తోందో లేదో మాకు తెలిసింది ఆలస్య రుసుము పీఆర్‌తో. నెల 5వ తేదీలోపు అద్దె కట్టకపోతే రోజుకు వంద రూపాయలు వేయాలని ఓనర్లు అడిగారు. ఆ పని కాలేజీ నుంచి వచ్చిన మా చిన్నమ్మాయికి ఇచ్చాం. తను మొదట తెరిచిన పీఆర్ 900 లైన్లు దాటింది. పాత ఫైల్‌ను రెండుగా విడగొట్టడం, కొత్త టేబుల్, లెక్క, అన్నీ అందులోనే. వెనక్కి పంపితే మూడుగా చేసింది. మొదటిది ఫైల్ జరపడం మాత్రమే, ప్రవర్తనలో ఏ మార్పూ లేదు. దాన్ని పది నిమిషాల్లో చూసేయొచ్చు. రెండోది టేబుల్. మూడోది లెక్క, ఎనభై లైన్లు కూడా లేవు. మొత్తం పీఆర్‌లో బుర్ర పెట్టి చదవాల్సింది ఆ ఎనభై లైన్లే, మొదట అవి 900లో కలిసిపోయి ఉన్నాయి.

ఆ వారం నేను, సారు ఇద్దరం ఒక క్లయింట్ దగ్గర ఉన్నాం. మూడో పీఆర్‌ను యాప్ తమ్ముడు చూశాడు. అతనికి జాంగో అంతంతమాత్రమే. చెక్‌లిస్ట్‌లో తేదీల ప్రశ్న ఉంది కాబట్టి ఈ లైన్ల దగ్గర ఆగాడు:

```python
paid_on = payment.paid_at.date()
if paid_on > due_date:
    fee = (paid_on - due_date).days * 100
```

అతను రాసిన కామెంట్ ఒక్క ప్రశ్న. "ఇక్కడ `paid_at` మన టైమా, యూటీసీనా?" అంతే. జాంగోలో `USE_TZ` ఆన్‌లో ఉంటే డేటాబేస్ నుంచి వచ్చే టైమ్ యూటీసీలో ఉంటుంది. దాని మీద నేరుగా `.date()` పిలిస్తే వచ్చేది యూటీసీ తేదీ. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే మన దగ్గర అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు జరిగిన ప్రతి పేమెంట్ నిన్నటి తేదీలోకి పోతుంది. 6వ తేదీ రాత్రి 1:40కి కట్టినవాళ్లది 5వ తేదీ 20:10 అవుతుంది, రుసుము పడదు. 8వ తేదీ రాత్రి 2కి కడితే మూడు వందలు పడాల్సిన చోట రెండు వందలే పడతాయి.

ఆ టైమ్‌లో అద్దె ఎవరు కడతారు అనిపించొచ్చు. మా హాస్టళ్లలో ఉండేవాళ్లలో చాలామందికి నైట్ షిఫ్టులు. వాళ్లకు రాత్రి ఒంటిగంట అంటే బ్రేక్ టైమ్. పైగా రుసుము కంటే పెద్ద సమస్య నెల మారే రాత్రి వస్తుంది. అదే పద్ధతిలో నెల లెక్క కూడా తీస్తే, జులై 1 రాత్రి 12:30కి కట్టిన అద్దె జూన్‌లో జమ అవుతుంది. జులైలో బాకీ ఉన్నట్టు రిమైండర్ వెళ్తుంది, కట్టినవాళ్లు హాస్టల్ ఓనర్‌తో గొడవపడతారు.

తను టెస్టులు రాయలేదా అంటే రాసింది, అన్నీ పాసయ్యాయి. కారణం చూస్తే ప్రతి టెస్టులోనూ పేమెంట్ టైమ్ మధ్యాహ్నం 12. మధ్యాహ్నం 12 యూటీసీలో పొద్దున 6:30, తేదీ ఒకటే. తప్పు కోడ్‌కీ సరైన కోడ్‌కీ తేడా చూపించే టెస్ట్ ఒక్కటీ లేదు. సవరణ మాత్రం ఒక్క లైను:

```python
paid_on = timezone.localdate(payment.paid_at)
```

సెట్టింగ్స్‌లో `TIME_ZONE` విలువ `Asia/Kolkata` అని ఉంది కాబట్టి ఇది మన తేదీ ఇస్తుంది. దాంతోపాటు రాత్రి 12:30కి, తెల్లవారుజామున 5:29కి, 5:31కి టెస్టులు చేర్చింది. ఈ అనుభవంతో రివ్యూయర్ పనిలో ఒకటి కలిపాం. ముఖ్యమైన లైన్‌ను తన మెషీన్‌లో కావాలని చెడగొట్టి టెస్టులు నడపాలి. ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే ఆ టెస్టులు ఆ లైన్‌ను కాపాడటం లేదన్నమాట. దీనికి రెండు నిమిషాలు చాలు, టెస్టుల కోడ్ మొత్తం చదవడం కంటే ఎక్కువ చెబుతుంది.

డబ్బు ఫోల్డర్లను నేనో సారో మాత్రమే చూడాలన్న షరతు తీసేసింది ఆ పీఆర్ తర్వాతే. సరైన ప్రశ్న చేతిలో ఉంటే ఆ భాష పెద్దగా రానివాళ్లు కూడా పట్టుకోగలరు. మేమిద్దరమే చూస్తే మిగతా ముగ్గురికీ ఆ లెక్కలు ఎప్పటికీ తెలియవు, మేమిద్దరం లేని వారం పని ఆగుతుంది.

కొన్ని వారాలకు ఇంకో సంగతి కనబడింది. పీఆర్ తెరవగానే వచ్చే మొదటి టెంప్లేట్‌లో, షీట్‌లో తేలిన ఆ నాలుగు అంశాలకూ టిక్ పెట్టే గళ్లు ఉండేవి. పీఆర్ తెరవగానే నాలుగూ వరసగా టిక్ అయిపోతున్నాయి. డేటాబేస్ మార్పే లేని పీఆర్‌లో కూడా "డేటాబేస్ చూశాను" అని టిక్. ఎవరూ అబద్ధం చెప్పాలని కాదు, గడి కనబడితే వేలు దానంతటదే వెళ్లిపోతుంది. అందుకని గళ్లు తీసేసి ఖాళీలు పెట్టాం. "ఫిల్టర్ పెట్టావా" అనడానికి బదులు "ఏ లైన్‌లో పెట్టావు" అని. జవాబు రాయాలంటే కోడ్ తెరిచి వెతకాలి, వెతికేటప్పుడే లేదని తెలిసిపోతుంది. `.github/pull_request_template.md` ఫైల్‌లో ఉన్నది ఇది:

```
ఈ మార్పు ఎందుకు:
ఎలా చెక్ చేశాను:
హాస్టల్ ఐడీ ఫిల్టర్ ఏ లైన్‌లో ఉంది:
తేదీ, టైమ్ ఎక్కడ వాడాను, ఏ టైమ్‌జోన్:
ఇదే రిక్వెస్ట్ రెండోసారి వస్తే ఏమవుతుంది:
డేటాబేస్ మారితే, పాత కోడ్ దానితో నడుస్తుందా:
వెనక్కి తీయాలంటే ఏం చేయాలి:
```

సంబంధం లేని ప్రశ్నకు "లేదు" అని రాస్తే చాలు. తెలుగులో ఎందుకంటే మేం మాట్లాడుకునేది అలాగే, ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు వచ్చిన జవాబుల కంటే ఇప్పుడు వస్తున్నవి నిజంగా ఆలోచించి రాసినవిగా ఉన్నాయి.

డేటాబేస్ ప్రశ్నకు కొంచెం వివరం కావాలి, కొత్తవాళ్లకు ఇది వెంటనే తట్టదు. ఒక కాలమ్ తీసేసే మైగ్రేషన్, ఆ కాలమ్ వాడని కొత్త కోడ్, రెండూ ఒకే పీఆర్‌లో వస్తే చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ డిప్లాయ్ అయ్యేటప్పుడు మైగ్రేషన్ ముందు నడుస్తుంది, కొన్ని నిమిషాలు పాత కోడే నడుస్తూ లేని కాలమ్‌ను అడుగుతుంది. ఆ కొన్ని నిమిషాలూ ఎర్రర్లే. ముందు కోడ్‌లో ఆ కాలమ్ వాడకం ఆపి, అది లైవ్‌లోకి వెళ్లాక, తర్వాతి పీఆర్‌లో కాలమ్ తీయాలి.

మనుషుల విషయం దీనికంటే కష్టం. సార్ పీఆర్‌ను చూడమంటే చిన్నమ్మాయి నా దగ్గరికి వచ్చి "అక్కా, సార్ కోడ్‌లో నేనేం చెప్తాను?" అంది. మన దగ్గర పెద్దవాళ్ల పనిలో వంక పెట్టినట్టు అనిపించడం సహజం. ధైర్యం చెప్పి లాభం లేదు, పద్ధతిలోనే దారి ఉండాలి. ప్రతి కామెంట్ ముందు మూడింటిలో ఒక గుర్తు పెట్టాలన్నాం. `must:` అంటే ఇది మారకుండా మెర్జ్ కాదు. `ask:` అంటే అర్థం కాలేదు, చెప్పండి. `nit:` అంటే చిన్న విషయం, ఇష్టమైతే మార్చండి. చిన్నవాళ్లు `ask:` తో మొదలుపెట్టారు. అడగడంలో అమర్యాద ఏమీ లేదు కదా. సార్ ప్రతి ప్రశ్నకూ జవాబు రాసేవారు, జవాబు రాస్తూ ఆయనే కోడ్ మార్చిన సందర్భాలున్నాయి. మాట మీద కూడా ఒక నియమం ఉంది. "నువ్వు ఇలా రాశావేంటి" అని రాయకూడదు, "ఈ ఫంక్షన్‌కు ఖాళీ లిస్ట్ వస్తే ఏమవుతుంది" అని రాయాలి. ఒకే విషయం మీద మూడోసారి కామెంట్ రాయాల్సి వస్తే టైపింగ్ ఆపి కాల్ చేసుకోవాలి, తేలింది ఒక్క వాక్యంలో పీఆర్‌లో రాయాలి.

మెయిన్ బ్రాంచ్‌కు తాళం చివర్లో వేశాం, కావాలనే. ముందే వేసి ఉంటే అలవాటు లేనివాళ్లకు అది అడ్డంకిగానే కనబడేది. గిట్‌హబ్‌లో `Require a pull request before merging` పెట్టి, ఒక అప్రూవల్ తప్పనిసరి చేశాం. అప్రూవ్ అయ్యాక కొత్త కమిట్ వస్తే పాత అప్రూవల్ రద్దయ్యే సెట్టింగ్ కూడా పెట్టాం. ప్రైవేటు రిపోకు ఈ తాళం ఉచిత ప్లాన్‌లో ఉండదు, టీమ్ ప్లాన్ తీసుకోవాల్సి వచ్చింది. ఖర్చుకు సార్ వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది `Do not allow bypassing the above settings` దగ్గర, ఎందుకంటే అది అడ్మిన్‌కు కూడా వర్తిస్తుంది. "మూడు లైన్లే కదమ్మా, అర్జెంటైతే నేనే పెట్టేస్తా" అన్నారు. షీట్ తెరిచి చూపించాను. అందులో ఉన్న పెద్ద తప్పుల్లో చాలావరకు ఐదు లైన్ల లోపు మార్పులే. చదివి ఆయనే ఆ గడిలో టిక్ పెట్టారు.

అర్జెంట్ దారి మాత్రం వదిలిపెట్టాం. లైవ్‌లో ఏదైనా పడిపోతే పీఆర్ తెరిచి, ఫోన్‌లో ఒకరికి స్క్రీన్ చూపించి, వాళ్లు అప్రూవ్ చేస్తే మెర్జ్. మర్నాడు పొద్దున రివ్యూ అరగంటలో టెంప్లేట్ నింపి మళ్లీ చదవాలి. ఇంకోటి, నెల 28 నుంచి తర్వాతి నెల 5 వరకు పేమెంట్ ఫోల్డర్‌లో బగ్ సవరణ తప్ప కొత్తది మెర్జ్ కాదు. అద్దెలన్నీ ఆ రోజుల్లోనే వస్తాయి.

పద్ధతి నీరుగారుతోందని తెలుసుకోవడానికి నేను చూసేవి రెండే. ఒకటి, 200 లైన్లు దాటిన పీఆర్ ఐదు నిమిషాల్లో ఒక్క కామెంట్ లేకుండా అప్రూవ్ అయిందా. రెండు, రివ్యూలన్నీ ఒకరి మీదే పడుతున్నాయా. మొదటిది కనబడితే ఆ రివ్యూయర్‌ను ఆ మార్పు ఏం చేస్తుందో నోటితో చెప్పమంటాను, తప్పు పట్టడానికి కాదు. చెప్పలేకపోతే చాలాసార్లు పీఆర్ వివరణలోనే లోపం ఉంటుంది. రెండోదానికి వరస పెట్టుకున్నాం, పేర్లు తిరుగుతుంటాయి.

నెలకోసారి, 10వ తేదీ తర్వాత, చెక్‌లిస్ట్‌ను కూడా రివ్యూ చేస్తాం. కొత్త బగ్ షీట్‌లో చేరినప్పుడు ముందు అడిగేది దీన్ని మెషీన్ పట్టగలదా అని. రెండుసార్లు జమ అయ్యే సమస్య అలాగే తగ్గింది. పేమెంట్ అయిందని చెప్పే వెబ్‌హుక్‌ను పేమెంట్ గేట్‌వే ఒకటి కంటే ఎక్కువసార్లు పంపడం మామూలే. గేట్‌వే ఇచ్చే పేమెంట్ ఐడీ రెండోసారి చేరకుండా డేటాబేస్‌లోనే యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాక పేమెంట్లకు ఆ భయం పోయింది. ఇప్పుడు ఆ ప్రశ్న మెసేజ్‌లు పంపే కోడ్ కోసమే ఉంది, దానికీ అలాంటిదే పెడితే టెంప్లేట్‌లోంచి తీసేస్తాం. టైమ్‌జోన్ ప్రశ్నను తీయడానికి కూడా చూశాం. `ruff` లో `DTZ` రూల్స్ ఆన్ చేస్తే టైమ్‌జోన్ లేని `datetime.now()`, `date.today()` లాంటివి పట్టుకుంటుంది. కానీ యూటీసీ టైమ్ మీద `.date()` పిలిచిన మా లైన్ దానికి తప్పుగా కనబడదు, అక్కడ టైమ్‌జోన్ ఉంది కాబట్టి. అందుకని ఆ రూల్స్ పెట్టాం, ప్రశ్నను కూడా ఉంచాం.